ఫెరోమోన్ సెంటు కొట్టుకుంటే ఆమె కుర్చీ జరుపుకుంది, ఏం చేయాలి?

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. మాది ఆదోని దగ్గర పల్లె, నాన్న పత్తి రైతు. నేను కర్నూలులో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పనిచేస్తున్నా. పక్క టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయంటే నాకు ఇష్టం, ఇంతవరకు చెప్పలేదు. ఫోన్‌లో ఒక యాడ్ చూసి "ఫెరోమోన్" సెంటు 50 మిల్లీలీటర్ల సీసా 1,799 రూపాయలకు తెప్పించుకున్నా. ఆడవాళ్ళు తెలియకుండానే దగ్గరికి వస్తారని, సైన్స్‌లో రుజువైందని దాంట్లో చెప్పారు. మొదటి వారంలో ఆమే "ఏం కొత్త సెంటు?" అని నవ్వింది. పని చేస్తోందని నమ్మేశా. తర్వాత నాకే వాసన తెలియడం మానేసింది, అందుకని ఎక్కువ కొట్టుకోవడం మొదలుపెట్టా. నెలన్నరలో సీసా అయిపోయింది. ఇప్పుడు ఆమె కుర్చీ కిటికీ వైపు జరుపుకుంటోంది, తలనొప్పి అంటోంది, పోయిన వారం సీటు మార్చమని మేనేజర్‌ని అడిగిందట. నంద్యాల చెక్‌పోస్ట్ నుంచి బండి మీద వస్తా, చెమట బాగా పడుతుంది. నా ఒంటి వాసన వల్లే ఇలా అవుతోందా? నా బాడీ కెమిస్ట్రీకి అది సరిపోలేదు, 3,200 రూపాయల నూనె రకం కొను అంటున్నాడు ఫ్రెండ్. కొనమంటారా? ఆమెకు విషయం చెప్పమంటారా? రాత్రిళ్ళు ఇదే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, ముందు డబ్బు పోయే సంగతి తేల్చేద్దాం. ఆ నూనె కొన్నా నువ్వు అనుకుంటున్న పని జరగదు. నీ ఒంట్లో లోపం ఉండి కాదు. మనిషిని మనిషి వైపు లాగే ఫెరోమోన్ ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. లేనిదానికి నీ బాడీ కెమిస్ట్రీ కలవడం, కలవకపోవడం అనే మాటే లేదు. కానీ నీ సెంటు ఆ ఆఫీసు గదిలో ఏమీ చేయలేదని మాత్రం అనను. చేసింది, కాకపోతే యాడ్‌లో చెప్పిన పని కాదు. అది అర్థమైతే ఆమె విషయంలో ఏం చేయాలో నీకే తోస్తుంది.

నిజమైన ఫెరోమోన్ ఎలా ఉంటుందో ఆ యాడ్ తీసినవాళ్ళ కంటే మీ నాన్నకే బాగా తెలుసు. మీ చేలో లింగాకర్షక బుట్టలు కడతారు కదా, కింద పొడుగాటి పాలిథిన్ సంచి, పైన గిన్నెలాంటి మూత, ఆ మూత లోపల చిన్న రబ్బరు బిళ్ళ. ఆ బిళ్ళలో ఉండేదే ఫెరోమోన్. గులాబీ రంగు పురుగు ఆడ రెక్కల పురుగు రాత్రిపూట మగదాన్ని పిలవడానికి వదిలే పదార్థాన్నే ఫ్యాక్టరీలో తయారుచేసి ఆ రబ్బరుకు పట్టిస్తారు. అందులో దాదాపు ఒకేలాంటి రెండు పదార్థాలు ఇంచుమించు సమపాళ్ళలో ఉంటాయి. ఆ పాళ్ళు బాగా తప్పితే మగ పురుగు పెద్దగా రాదు. తెల్లారి సంచి విప్పి పడ్డ పురుగుల్ని లెక్కపెడతారు. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు గురించి ఆలోచించాలని వ్యవసాయశాఖ వాళ్ళు చెప్పేది ఆ లెక్క చూసే.

ఇక్కడ రెండు సంగతులు గమనించు. షాపులో బిళ్ళ అడిగితే "ఏ పురుగుకి?" అని అడుగుతారు. గులాబీ రంగు పురుగు బిళ్ళ పెడితే శనగపచ్చ పురుగు రాదు, పొగాకు లద్దె పురుగు రాదు. ఒక్కో జాతికి దాని సొంత పదార్థం, సొంత పాళ్ళు. రెండోది, ఆ మగ పురుగుకు ఎవరూ ఏమీ నేర్పలేదు. పుట్టి రెక్కలొస్తే చాలు, ఆ వాసన తగిలిన వైపు ఎగురుతుంది, అక్కడ ఆడది లేకపోయినా సరే, సంచిలో పడి చస్తుంది. ఒక జాతిలోని ఒక జీవి వదిలే ఫలానా పదార్థం, అదే జాతిలోని ఇంకో జీవిలో ఇంచుమించు ప్రతిసారీ ఒకే రకం స్పందన తెప్పించాలి, అదీ నేర్చుకోకుండానే. అప్పుడే దాన్ని ఫెరోమోన్ అంటారు.

ఈ పేరు పుట్టింది 1959లో. అదే ఏడాది జర్మనీలో బూటెనాంట్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం మొట్టమొదటి ఫెరోమోన్‌ను విడదీసింది. ఏ జీవిలోంచో తెలుసా, మన హిందూపురం, మడకశిర వైపు రైతులు పెంచే మల్బరీ పట్టుపురుగు నుంచే. గూడు చీల్చుకుని బయటికొచ్చిన ఆడ పట్టు చిలుకల్ని సుమారు 5 లక్షలు సేకరిస్తే చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. ఆ పదార్థానికి బొంబికాల్ అని పేరు పెట్టారు. అది లేశమాత్రం తగిలితే చాలు, మగ చిలుక రెక్కలు టపటపలాడిస్తూ ఆ వైపు నడిచి వెళుతుంది. ఎన్నిసార్లు చూపించినా అంతే. రుజువు అంటే అలా ఉండాలి.

సరే, నీ సీసా సంగతికి వద్దాం. ఇలాంటి సెంట్ల మీద ఎక్కువగా కనిపించే పేర్లు ఆండ్రోస్టినోన్, ఆండ్రోస్టాడైనోన్. మొదటిది పందులకు సంబంధించింది. మగ పంది నోటి నురగలో అది బాగా ఉంటుంది, ఎదకొచ్చిన ఆడ పంది ఆ వాసన తగిలితే కదలకుండా నిలబడుతుంది. పందుల ఫారాల్లో కృత్రిమ గర్భధారణ చేసేవాళ్ళు దీన్ని స్ప్రేగా వాడతారు కూడా. ఎదలో లేని పందికి అదీ పనిచేయదు. ఈ పదార్థమే మగవాళ్ళ చంక చెమటలో కూడా కొద్దిగా కనిపించేసరికి, మనుషుల్లోనూ ఇదే పని చేస్తుందేమోనని కొందరు ఊహించారు. ఊహించడంలో తప్పు లేదు, పరీక్షించాలి. పరీక్షిస్తే తేలిందేమిటంటే, ఆండ్రోస్టినోన్ వాసన అందరికీ ఒకేలా రాదు. మన ముక్కులో దాన్ని పట్టే గ్రాహకం ఒకటుంది, దాని జన్యువులో తేడాలను బట్టి కొందరికి ఉచ్చ కంపులా, కుళ్ళిన చెమటలా వస్తుంది, కొందరికి తియ్యగా వెనిల్లాలా ఉంటుంది, కొందరికి అసలు తెలియనే తెలియదు. 2007లో ఆ జన్యువు సంగతి బయటపడింది. ఒక గదిలో పదిమంది కూర్చుంటే ఒక్కొక్కరికి ఒక్కోలా వచ్చే వాసన అందరినీ దగ్గరికి లాగుతుందని ఎట్లా చెబుతారు?

రెండోదాని కథ ఇంకో రకం. ఆక్స్‌ఫర్డ్‌లో ఫెరోమోన్ల మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన ట్రిస్ట్రమ్ వైయట్ 2015లో ఈ చరిత్రంతా తవ్వి రాశాడు. ఆండ్రోస్టాడైనోన్, ఇంకో పదార్థం "మానవ ఫెరోమోన్లు కావచ్చు" అనే మాట 1991లో ఒక సదస్సులో వచ్చింది. ఆ సదస్సు వెనక ఆ పదార్థాల మీద వ్యాపారం చేయాలనుకున్న కంపెనీయే ఉంది. వాటినే ఎందుకు ఎంచుకున్నారో, మనిషి ఒంట్లోంచి ఎలా విడదీశారో, ఏ పరీక్షతో తేల్చారో ఆ సదస్సు పేపర్లో వివరం లేదు. అయినా తర్వాత వచ్చినవాళ్ళు వాటినే పట్టుకుని ప్రయోగాలు చేసుకుంటూ పోయారు. 2017లో ఆస్ట్రేలియాలో గట్టిగా పరీక్షించారు. పదార్థం ఉన్న రోజున, లేని రోజున అదే మనుషులకు అవే ఫోటోలు చూపించి ఎంత ఆకర్షణీయంగా ఉన్నారో మార్కులు వేయమన్నారు. తేడా రాలేదు. కుక్కలు, ఎలుకల్లాంటి వాటికి ఫెరోమోన్లు పసిగట్టడానికి ముక్కులో వేరే అవయవం కూడా ఉంటుంది. పెద్దవాళ్ళయ్యాక మనుషుల్లో అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, దానికి అవసరమైన ఒక ముఖ్య జన్యువు మనలో ఎప్పుడో చెడిపోయింది.

మనుషుల్లో ఎప్పటికీ ఏ ఫెరోమోనూ దొరకదని నేను అనడం లేదు. పాలు తాగే పసిబిడ్డకు తల్లి వాసన విషయంలో ఏమైనా దొరకొచ్చని వైయట్ లాంటివాళ్ళే వెతకమంటున్నారు. కానీ 1,799 రూపాయల సీసాలో "రుజువైంది" అని రాసి అమ్మడానికి ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. సీసా ఇంట్లో ఉంటే వెనక్కి తిప్పి చూడు. ఆల్కహాల్, నీళ్ళు, సువాసన అని ఉంటుంది. ఫెరోమోన్ పేరేమిటి, ఎంత శాతం, ఏ పరీక్ష అన్నది ఉందేమో వెతుకు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న మాటకు వెనకవైపు ఆధారం లేదంటే అది సువాసన కలిపిన మామూలు సెంటు అనే అనుకోవాలి. నూనె రకం అన్నా అంతే, ఆల్కహాల్ బదులు నూనె వాడతారు కాబట్టి నెమ్మదిగా ఆరుతుంది, ధర పెరుగుతుంది.

మరి మొదటి వారం ఆమె ఎందుకు నవ్వింది అని నీకు అనుమానం ఉంటుంది. కొత్త వాసన వచ్చింది, అడిగింది, అంతవరకే. రోజూ పక్కన కూర్చునే మనిషి కొత్త చొక్కా వేసుకొచ్చినా అలాగే అడుగుతారు. అయితే ఇంకొకటి కూడా జరిగి ఉండొచ్చు, ఇది నాకు బాగా నచ్చే ప్రయోగం కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. 2009లో ఇంగ్లండ్‌లో కొందరు మగవాళ్ళకు వాసన ఉన్న డియోడరెంట్ ఇచ్చారు, ఇంకొందరికి వాసన లేని ఉత్తుత్తి స్ప్రే ఇచ్చారు. కొన్ని రోజులు వాడాక వాళ్ళను వీడియో తీసి, శబ్దం తీసేసి ఆడవాళ్ళకు చూపించారు. వీడియోలో వాసన రాదు కదా. అయినా అసలు డియోడరెంట్ వాడినవాళ్ళకే ఎక్కువ మార్కులు పడ్డాయి. వాళ్ళ ఫోటోలు చూపిస్తే మాత్రం ఆ తేడా లేదు. అంటే మొహం మారలేదు, కూర్చునే తీరు, తల ఎత్తే తీరు మారింది. వాసన పనిచేసింది దాన్ని పూసుకున్నవాడి మీద. నువ్వూ మొదటి వారం పనిచేస్తుందన్న నమ్మకంతో కొంచెం తలెత్తుకుని, కొంచెం నవ్వుతూ ఆఫీసులోకి వచ్చి ఉంటావు. ఆమెకు కనిపించింది అదే అయి ఉండొచ్చు. దానికి ఫెరోమోన్ అక్కర్లేదు, 200 రూపాయల డియోడరెంట్ చాలు.

తర్వాత కథ చెడింది ఎక్కడంటే, నీకు వాసన తెలియడం మానేసినప్పుడు. ముక్కు స్వభావం అది. ఒకే వాసన ఆగకుండా వస్తుంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు, మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గించేస్తాయి, కొత్తగా వచ్చే వాసనను పసిగట్టడానికి. ఒకే సెంటు రోజూ వాడితే ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. నీకు తెలియడం మానేసింది కానీ పక్కవాళ్ళ ముక్కుకు అది ప్రతి ఉదయం కొత్తే. ఇప్పుడు నీ సీసా లెక్క చూడు. సెంటు సీసా మీట ఒక్కసారి నొక్కితే సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుంది. 50 మిల్లీలీటర్లంటే దాదాపు 500 నొక్కులు. నెలన్నరలో, అంటే 45 రోజుల్లో అయిపోయిందంటే రోజుకు 11 నొక్కులు. మొదట్లో తక్కువే కొట్టి ఉంటావు కాబట్టి చివరి వారాల్లో అంతకు మించే ఉండాలి. రోజుకు రెండు నొక్కులతో వాడేవాడికి అదే సీసా ఎనిమిది నెలలు వస్తుంది.

దానికి తోడు మన ఎండ. కర్నూలులో వేడికి చర్మం మీది సెంటు తొందరగా, ఒక్కసారిగా లేస్తుంది. బండి దిగి తలుపులు మూసిన ఏసీ గదిలోకి వస్తే ఆ గాలి బయటికి పోదు. పక్క టేబుల్ మనిషి ఎనిమిది గంటలు దాన్నే పీలుస్తుంది. చాలామందికి, ముఖ్యంగా మైగ్రేన్ ఉన్నవాళ్ళకు, ఘాటైన సెంటుతో తలనొప్పి మొదలవుతుంది. సెంటు మంచిదా చెడ్డదా అన్నది తర్వాత, మోతాదే ముఖ్యం. ఎండాకాలం సాయంత్రం మూరెడు మల్లెపూలు ఎవరికైనా హాయిగా ఉంటాయి. అవే మూసిన గదిలో బుట్టెడు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తల దిమ్మెక్కుతుంది. మల్లెల్లో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, కాస్త ఉంటేనే ఆ పూలకు ఆ నిండుదనం, ఎక్కువైతే పెంట వాసనకు దగ్గరగా పోతుంది.

ఒంటి వాసన గురించి అడిగావు. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకల్లో ఉండే ఒక రకం గ్రంథుల నుంచి వచ్చే చెమటను అక్కడి బ్యాక్టీరియా తిని విడగొడితే కంపు పుడుతుంది. నువ్వు చెక్‌పోస్ట్ నుంచి ఆఫీసుకు వచ్చేలోపు పట్టే చెమటతో వెంటనే ఏమీ కాదు, అది చొక్కాలో ఆరి, మళ్ళీ తడిసి, మధ్యాహ్నం దాటితే అప్పుడు. పాలిస్టర్ బట్ట ఇందులో నూలు కంటే అధ్వానం, బెల్జియంలో 2014లో వ్యాయామం చేసినవాళ్ళ చొక్కాలు పోల్చి చూస్తే పాలిస్టర్ చొక్కాలే ఎక్కువ కంపు కొట్టాయి, వాసన పుట్టించే కొన్ని బ్యాక్టీరియా వాటి మీదే బాగా పెరుగుతున్నాయి. పైన సెంటు కొడితే చెమట వాసన పోదు, రెండూ కలిసి మూడో వాసన తయారవుతుంది. అది రెండిటికంటే ఘోరంగా ఉండే వీలుంది. నీది అలా ఉందో లేదో నీ ముక్కుతో నీకు తెలియదు, ఇందాక చెప్పిన కారణమే. మొహమాటపడకుండా చెప్పే మనిషిని అడుగు, అమ్మనో అన్ననో రూమ్‌మేట్‌నో. నాలుగు రోజులు సెంటు మానేసి, సాయంత్రం విప్పిన చొక్కా చంక దగ్గర వాసన చూసి చెప్పమను. వాసన లేదంటే అక్కడితో ఆ బెంగ వదిలెయ్. ఉందంటే రాత్రి స్నానం చేసి చంకలు పూర్తిగా ఆరాక యాంటీ పెర్స్‌పిరెంట్ రాసుకో. అది రాత్రి రాస్తేనే బాగా పనిచేస్తుంది, చెమట తక్కువ పట్టే వేళ కాబట్టి అందులోని అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాల్లో కుదురుకుంటాయి. ఆఫీసులో మార్చుకోవడానికి ఒక నూలు చొక్కా బ్యాగులో పెట్టుకో. ఏసీలో కూర్చున్నా ధారగా కారుతుంటేనో, ఒంటి వాసన ఉన్నట్టుండి మారిపోయిందంటేనో చర్మ డాక్టరుకు చూపించు.

సువాసన ఆకర్షణలో ఏ పాత్రా పోషించదా అంటే, పోషిస్తుంది. కానీ యాడ్‌లో చూపించినట్టు దూరాన ఉన్న మనిషిని లాక్కొచ్చేది కాదు. దగ్గరికొచ్చిన మనిషి కంపుకు వెనక్కి పోకుండా చూడటం దాని మొదటి పని. రెండోది, ఇష్టపడ్డ మనిషి వాసన మనకు ఇష్టమవుతుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళను అడుగు, భర్త ఊరెళితే అతను విప్పి పడేసిన చొక్కా వాసన చూసుకునే ఆడవాళ్ళు ఉన్నారు. ఆ చొక్కాలో కొత్త పదార్థమేమీ చేరలేదు, మనిషి మీద ప్రేమ ముందొచ్చింది, వాసనకు విలువ తర్వాతొచ్చింది. యాడ్‌లో ఈ వరసను తిరగేసి చూపిస్తారు. స్విట్జర్లాండ్‌లో 1995లో మగవాళ్ళు రెండు రాత్రులు వేసుకున్న టీ షర్టుల వాసన ఆడవాళ్ళతో చూపించిన ప్రయోగాన్ని కూడా ఈ కంపెనీలు చెప్పుకుంటాయి. తమ రోగనిరోధక జన్యువులకు భిన్నమైనవి ఉన్న మగవాళ్ళ వాసన వాళ్ళకు నచ్చిందని అందులో తేలింది. తర్వాత చేసిన వాటిలో ఫలితం ఒకే రకంగా రాలేదు. వచ్చినా సరే, అది ఎవరి ఒంటి వాసన వాళ్ళది, దాన్ని సీసాలో పోసి అందరికీ ఒకటే అమ్మలేరు.

సెంటు పూర్తిగా మానెయ్యాలని లేదు. ప్రేగ్‌లో 2012లో జరిగిన పరిశోధనలో, మనిషి తనకు నచ్చి ఎంచుకున్న సెంటు అతని ఒంటి వాసనతో కలిస్తే, వేరేవాళ్ళు ఎంచి ఇచ్చిన సెంటు కలిసినదానికంటే బాగుందని ముక్కులు చెప్పాయి. రెండు సెంట్లూ విడిగా చూస్తే సమానంగానే ఉన్నా. అందుకే ఫ్రెండ్ చెప్పాడనో యాడ్ చూసో కొనకుండా, కొట్టు దగ్గరికెళ్ళి మణికట్టు మీద ఒక చుక్క రాయించుకుని, అరగంట ఊళ్ళో తిరిగి, అప్పుడు చూసి నచ్చితే తీసుకో. మొదటి పది నిమిషాల ఘాటు చూసి కొంటే మోసపోతావు, అది ముందు ఎగిరిపోయే భాగం, రోజంతా ఉండేది తర్వాతది. బట్టల లోపల ఛాతీ మీద ఒక నొక్కు, మెడ దగ్గర ఒక నొక్కు. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషికి తెలియకూడదు, అంతకంటే దగ్గరికొస్తే తెలియాలి. ఏసీ గదిలో పనిచేసే రోజు ఒకటే చాలు.

ఇక ఆ అమ్మాయి విషయం. ఇది నువ్వే నిర్ణయించుకోవాలి, ఏది చేస్తే ఏమవుతుందో మాత్రం చెబుతా. ఏమీ మాట్లాడకుండా రేపటినుంచి సెంటు మానేశావనుకో. చొక్కాలన్నీ ఒకసారి ఉతికించు, నూనె పదార్థాలు బట్టల్లో కొన్నాళ్ళు ఉంటాయి. వారం పది రోజుల్లో ఆమె తలనొప్పి తగ్గితే కారణం అదేనని ఇద్దరికీ తెలుస్తుంది. ఇబ్బందికరమైన మాటలు తప్పుతాయి. కాకపోతే సీటు మారడం అప్పటికే అయిపోయి ఉండొచ్చు, నువ్వు పట్టించుకోలేదనే ఆమె అనుకోవచ్చు.

రెండో దారి, ఒక్క ముక్క చెప్పడం. "నా సెంటు ఎక్కువై మీకు ఇబ్బంది అయిందేమో, నాకు తెలియలేదు, మానేశాను" అని నలుగురూ ఉన్నప్పుడే మామూలుగా అనేసి నీ పని నువ్వు చూసుకో. నాకైతే ఇది మంచిదనిపిస్తుంది. సీటు మార్చమని అడిగినందుకు ఆమెకు మనసులో ఏదైనా మొహమాటం ఉంటే పోతుంది. కానీ ఈ మాట చెప్పి వెంటనే కాఫీకి పిలవకు. అప్పుడు ఆ సారీ కూడా ఎత్తుగడలా వినిపిస్తుంది.

మూడోది, ఇష్టం చెప్పడం. చెప్పకూడదని నేను అనను, అయితే సీటు గొడవ సద్దుమణిగాక, ఆమె నీతో మామూలుగా మాట్లాడుతోందా లేదా చూసుకుని, ఆఫీసు బయట ఒక్కసారి అడుగు. ఆమెకు ఇష్టం లేకపోతే "సరే" అని అక్కడితో ఆపెయ్యగలవా అని ముందు నిన్ను నువ్వే అడుగు. ఆపలేననిపిస్తే ఇప్పుడు చెప్పకు, రోజూ మొహం చూసుకోవాల్సిన చోట అది ఇద్దరికీ నరకం. పక్క సీటు కాబట్టి ఆమె మర్యాదకు నవ్వడం వేరు, ఇష్టం వేరు, ఆ తేడా పసిగట్టే ఓపిక ఉండాలి.

ఫెరోమోన్ సంగతి ఆమెకు చెప్పాలా అని అడిగావు. చెబితే ఆమె చెవికి ఏం వినిపిస్తుందో ఆలోచించు. తనకు తెలియకుండా తన మనసు మార్చాలని నెలన్నరగా ప్రయత్నించాడని వినిపిస్తుంది. అది పనిచేయలేదని, పనిచేయదని నువ్వు ఎంత చెప్పినా ఆ భయం పోదు. నువ్వు చెడ్డవాడివని కాదు, ఆ యాడ్ నిన్ను అటు నడిపించింది, ఆడవాళ్ళ ఇష్టాయిష్టాలతో పని లేకుండా చేస్తానని చెప్పి అమ్మే సరుకు అది. నాకు కోపం వచ్చేది అక్కడే. రేపు మీ ఇద్దరి మధ్య స్నేహం కుదిరితే, అప్పుడు చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెబితే ఆమె బెదురుతుంది, నీకు ఒరిగేదీ లేదు.

చివరగా నీ 1,799. వాడేసిన సెంటుకు డబ్బు వెనక్కి ఇవ్వడం కష్టమే, అయినా ప్రయత్నించవచ్చు. ఆ యాడ్ ఇంకా ఫోన్‌లో వస్తుంటే "సైన్స్‌లో రుజువైంది" అన్న మాట కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకో, బిల్లు, ఆర్డర్ నంబరు, సీసా రెండు వైపులా ఫోటోలు దగ్గర పెట్టుకో. ముందు అమ్మిన కంపెనీకి రాతపూర్వకంగా ఆ రుజువు ఏమిటో పంపమని అడుగు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు, తెలుగులో మాట్లాడొచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అలాంటి ప్రకటన ఇచ్చిన కంపెనీకి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆ జరిమానా నీ జేబులోకి రాదు, నీకు కావలసింది డబ్బే అయితే కంపెనీతో బేరం, అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు, దానికి తిరగడానికి సెలవులు పెట్టాల్సి రావచ్చు. ఓపిక లేకపోతే ఫోన్ ఫిర్యాదు ఒక్కటైనా చేసి వదిలెయ్. ఆ ఫ్రెండ్ చెప్పిన 3,200 నూనె లింకు నీకు వస్తే దాన్ని కూడా అదే ఫిర్యాదులో జత చెయ్.